మా చుక్కికి చెవుడట, తాతయ్యని కరిచింది. ఉంచుకోవాలా, వెనక్కి ఇచ్చేయాలా?

"మేడమ్, మాది విజయవాడ. మా బాబు ఏడో పుట్టినరోజుకి డాల్మేషియన్ కుక్కపిల్లని తెచ్చాం. పేరు చుక్కి. ఇప్పుడు ఐదో నెల. ఒక కన్ను నీలంగా ఉంటుంది. మొదట్నుంచీ పిలిస్తే పలకదు. మొండిదనుకుని మావారు ఒకట్రెండుసార్లు పేపరు చుట్టి కొట్టారు కూడా. పోయిన నెల పశువుల డాక్టరుగారు వెనక నుంచి చప్పట్లు కొట్టి చూసి చెవుడు అన్నారు. కానీ నాకు అనుమానమే. ఒక్కోసారి చప్పట్లకి తిరిగి చూస్తుంది, ఒక్కోసారి చూడదు. మొన్న ఆదివారం మధ్యాహ్నం మావయ్యగారు వరండాలో పడక్కుర్చీ లోంచి లేస్తూ, పక్కనే నిద్రపోతున్న దాన్ని దాటబోయారు. కాలు తగిలింది. లేస్తూనే మడమ దగ్గర కరిచేసింది, రెండు పళ్ళు దిగాయి. పసుపు పెట్టి కట్టు కట్టాం. ఆయనకి షుగర్ ఉంది. దాన్ని అమ్మినతను 'వెనక్కి ఇచ్చేయండి, ఇంకో పిల్లనిస్తా, నెలాఖరులోపు చెప్పండి' అంటున్నాడు. మావారు ఇచ్చేద్దాం అంటున్నారు. బాబు ఏడుపు. మావయ్యగారు 'దాని తప్పేముందమ్మా' అంటారు గానీ వరండాలోకి రావడం మానేశారు. ఏం చేయమంటారు?" (ఒక పాఠకురాలు)

ముందు మావయ్యగారి కాలి సంగతి. మిగతావన్నీ రేపు చూసుకోవచ్చు, ఇది మాత్రం ఈ రోజే. కుక్క కాటుకి పసుపు వైద్యం కాదు. కరిచిన వెంటనే ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, తర్వాత ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా మొదలుపెట్టాలి. "మన ఇంటి కుక్కే కదా, పిల్లే కదా" అని ఆగేవాళ్ళు చాలామంది ఉంటారు, ఆగకండి. ఆదివారం నుంచి ఇన్ని రోజులైనా సరే ఇవాళ వెళ్ళండి, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగానే వేస్తారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు వేస్తారు. చుక్కికి రేబిస్ టీకా వేయించారా లేదా, ఎప్పుడు వేయించారు అన్నది కాగితంతో సహా డాక్టరుకి చూపించండి, కరిచిన రోజు నుంచి పది రోజులు దాన్ని ఇంట్లోనే గమనిస్తున్నామని కూడా చెప్పండి. అందుకే ఈ పది రోజుల్లో దాన్ని ఎవరికీ ఇచ్చేయకూడదు, అమ్మినతనికైనా సరే. ఇక షుగర్ ఉన్నవాళ్ళకి పాదం మీద గాయం మామూలు గాయం కాదు, ఎరుపు పాకుతోందా, వాపు ఉందా అని రోజూ చూస్తూ ఉండండి.

ఇప్పుడు చెవుల విషయం. మీ అనుమానం కొట్టిపారేసేది కాదు. చప్పట్లు కొట్టి తేల్చే పరీక్ష సగం పరీక్షే. ఒక్కోసారి తిరిగి చూస్తుందంటే రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, దానికి వినపడి కాదు, తెలిసి. చేతులు ఆడినప్పుడు గాలి కదులుతుంది, గోడ మీద నీడ కదులుతుంది, మీరు అడుగు వేస్తే నేల కాస్త అదురుతుంది, చెవిటి కుక్కలు ఇవన్నీ పట్టేస్తాయి. రెండోది, ఒక చెవి పనిచేస్తూ ఉండొచ్చు. డాల్మేషియన్లలో ఇది చాలా మామూలు. అమెరికాలో పరీక్షించిన ఈ జాతి కుక్కల్లో దాదాపు 30 శాతానికి చెవుడు ఉన్నట్టు తేలింది, వాటిలో ఎక్కువ భాగం ఒక చెవికే, రెండు చెవులూ పోయినవి 8 శాతం దాకా. ఒళ్ళంతా తెల్లగా ఉండేలా చేసే జన్యువే దీనికి మూలం. రంగునిచ్చే కణాలు లోపలి చెవిలో కూడా ఉండాలి, అవి లేకపోతే పుట్టిన మూడు నాలుగు వారాలకే శబ్దాన్ని పట్టే కణాలు చచ్చిపోతాయి. నీలి కన్ను ఉన్నవాటిలో చెవుడు ఎక్కువగా కనిపించేది కూడా అందుకే. ఇది మందులకి తగ్గేది కాదు, చెవిలో చుక్కలు వేసి డబ్బులు పోగొట్టుకోకండి.

ఇంట్లో మీరే చూడొచ్చు. చుక్కి గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఫ్యాను ఆపేయండి, మీవారిని పక్క గదిలో, దానికి కనపడని చోట నిలబెట్టి స్టీలు పళ్ళేన్ని గరిటెతో ఒక్కసారి కొట్టమనండి. పళ్ళెం నేలకి ఆనకూడదు, అడుగుల అదురు ఉండకూడదు. మీరు మాత్రం దూరంగా కూర్చుని దాని చెవి కొసనే చూడండి. అది ఎటు తిరిగి పడుకుందో, ఏ చెవి పైకి ఉందో గుర్తుపెట్టుకుని, ఇంకో రోజు రెండో వైపు తిరిగి పడుకున్నప్పుడు మళ్ళీ చూడండి. పనికొచ్చే చెవి పరుపుకి ఆనుకుని ఉంటే ఒక చెవి కుక్క కూడా రాయిలా పడుకునే ఉంటుంది. ఒక వైపు పడుకున్నప్పుడు లేచి, ఇంకో వైపు లేవకపోతే ఒక చెవి వినపడుతోందన్నమాట. అలాంటి కుక్కకి మాట పనిచేస్తుంది, కాకపోతే పిలుపు ఎటునుంచి వస్తోందో తెలియదు, మీరు కుడివైపు నుంచి పిలిస్తే ఎడమవైపు పరుగెత్తొచ్చు. పక్కాగా తేలాలంటే మెదడు తరంగాల్ని కొలిచే బేర్ పరీక్ష ఒక్కటే దారి, ఐదు వారాల వయసు నుంచే చేయొచ్చు గానీ ఆ సదుపాయం ప్రతి ఊళ్ళో ఉండదు. మీకు అది అత్యవసరమని నేను అనుకోను. ఒక చెవైనా, రెండైనా ఇంట్లో చేయాల్సిన పని దాదాపు ఒకటే.

ఇక కాటు. మీవారు దాన్ని కరిచే స్వభావం అనుకుంటున్నట్టున్నారు, మీ ఉత్తరాన్ని బట్టి నాకలా అనిపించలేదు. వినే కుక్కకి నిద్రలో కూడా చెవులు కాపలా ఉంటాయి, కుర్చీ కిర్రుమంటేనే, చెప్పులు కదిలితేనే సగం మెలకువ వచ్చేస్తుంది, కాలు తగిలేసరికి అది తాతయ్య అని దానికి తెలిసే ఉంటుంది. చుక్కికి ఆ ముందస్తు కబురు లేదు. గాఢ నిద్రలోంచి నేరుగా ఒక బరువు మీద పడింది, కళ్ళు తెరిచేలోపే నోరు తెరిచింది. ఇది అదాటున జరిగిపోయేది, ఆలోచించి చేసింది కాదు. దీనికి మందు ఉంది. అయితే ఒక్క ప్రశ్నకి మీరు నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి: మెలకువగా ఉన్నప్పుడు ఎప్పుడైనా పళ్ళు చూపించిందా, అన్నం గిన్నె దగ్గరో, ఎముక దగ్గరో గుర్రుమందా? అలా జరిగి ఉంటే అది వేరే సమస్య, నేను కింద రాసేది దానికి చాలదు, ప్రవర్తన తెలిసిన డాక్టరు ఎదురుగా చూడాలి.

అది నిద్రలో ఉలిక్కిపడటమే అయితే, మొదట మార్చాల్సింది పడుకునే చోటు. పడక్కుర్చీ పక్కన, గుమ్మంలో, నడిచే దారిలో పడుకోనివ్వకండి. మూడు వైపులా మూసి ఉన్నట్టుండే ఒక మూల చూసి, వీపు గోడకి, ముఖం గదిలోకి ఉండేలా దాని పక్క వేయండి. మన ఇళ్ళల్లో టైల్స్, మార్బుల్ కింద కాంక్రీటు, దాని మీద ఎంత బలంగా అడుగు వేసినా అదురు కుక్క దాకా పెద్దగా చేరదు, అందుకే "కాలితో నేల తట్టండి" అనే సలహా ఇక్కడ పెద్దగా పనిచేయదు. దాని పరుపు కింద ఒక పల్చటి ప్లైవుడ్ పలక వేసి, పలక కొస మూరెడు బయటికి ఉంచితే, ఆ కొసని వేలితో రెండుసార్లు తడితే చాలు, దానికి కబురు అందుతుంది. ఇది నేర్చుకునే దాకా ఇంట్లో ఒకటే నియమం, నిద్రపోతున్న చుక్కిని ఎవరూ ముట్టుకోకూడదు, దాటకూడదు. మీ బాబుకి ఇది గట్టిగా చెప్పండి, వాడికి దాని మీద ఎంత ప్రేమో నాకు తెలుస్తోంది గానీ పడుకున్న కుక్కని వాటేసుకునేది ఆ వయసు పిల్లలే. వరండాకీ హాలుకీ మధ్య మోకాలెత్తు చిన్న గేటు పెట్టిస్తే మావయ్యగారి మధ్యాహ్నపు నిద్ర వరండాలో, చుక్కి నిద్ర హాల్లో. దాంతోనే మీ ఇంట్లో సగం టెన్షన్ తగ్గుతుంది.

రెండోది, స్పర్శ అంటే తిండి అని దానికి అలవాటు చేయడం. చుక్కి మెలకువగా, మిమ్మల్ని చూస్తూ ఉన్నప్పుడు మొదలుపెట్టండి. భుజం మీద రెండు వేళ్ళు మెల్లగా ఆనించండి, ఆనించిన క్షణంలోనే రెండో చేత్తో ముక్కు దగ్గరికి చిన్న ముక్క. ఈ వరస తప్పకూడదు, ముందు స్పర్శ, వెంటనే తిండి. తిండి ముందు చూపిస్తే స్పర్శకి అర్థమే ఉండదు. పది ముక్కలతో ఒక విడత, రోజుకి మూడు నాలుగు విడతలు చాలు. ఎప్పుడూ అదే భుజం, అదే చోటు. కొన్ని రోజులకి మీరు వేళ్ళు ఆనించగానే తల గిర్రున మీ చేతి వైపు తిప్పి ముక్క కోసం వెతుకుతుంది, అది గుర్తు. అప్పుడు పక్క నుంచి, తర్వాత అది అటు చూస్తున్నప్పుడు వెనక నుంచి. ఆ తర్వాత అది కునికిపాట్లు పడుతున్నప్పుడు. చివరికి గానీ నిద్రకి రాకూడదు. నిద్రలో కూడా మొదట చెయ్యి వేయరు, వాసన ఉన్న ముక్కని ముక్కుకి జానెడు దూరంలో పట్టుకుని కాసేపు ఆగండి, ముక్కుపుటాలు కదులుతాయి, కళ్ళు తెరుస్తుంది, అప్పుడు భుజం తట్టి ముక్క ఇవ్వండి. ఏ మెట్టు దగ్గరైనా ఒళ్ళు బిగిస్తే, చటుక్కున తల లాగితే, మీరు తొందరపడ్డారని అర్థం, కిందటి మెట్టుకి వెళ్ళిపోండి. ఈ పని మొదట మీరు, తర్వాత మీవారు చేయాలి, మావయ్యగారు అన్నిటికన్నా చివర, అదీ కుర్చీలో కూర్చుని, చుక్కి మెలకువగా ఉన్నప్పుడే. నిద్ర లేపే పని ఆయనకీ బాబుకీ అసలు వద్దు.

ముక్కలంటే గుర్తొచ్చింది. మన దగ్గర చికెన్ షాపులో కార్జం, కందనకాయలు తెచ్చి ఉడకబెట్టి పెట్టడం అలవాటు. ఏ కుక్కకైనా సరే గానీ డాల్మేషియన్‌కి వద్దు. ఈ జాతికి పుట్టుకతోనే యూరిక్ యాసిడ్ మూత్రంలో ఎక్కువగా పోతుంది, కార్జం లాంటివి తింటే మూత్రంలో రాళ్ళు పడే అవకాశం పెరుగుతుంది. ఉడికించిన గుడ్డు, పనీరు, క్యారెట్ బఠాణీ గింజంత ముక్కలుగా కోసి పెట్టుకోండి, రోజూ పెట్టే తిండిలోంచి ఆ మేరకు తగ్గించండి, నీళ్ళు మాత్రం ఎప్పుడూ నిండుగా ఉంచండి.

ఇప్పుడు పేపరు దెబ్బల సంగతి. మీవారి మీద కోపంతో రాయడం లేదు, చెవుడని తెలియక చేశారు. కానీ ఒకటి ఆయన తెలుసుకోవాలి: చుక్కితో మాట్లాడటానికి మీ ఇంట్లో ఉన్న భాష చేతులే. ఆ చేతులే పైకి లేచి దెబ్బ వేస్తే, రేపు "కూర్చో" అని సైగ చేయడానికి చెయ్యి ఎత్తినా అది తల వంచుకుని పారిపోతుంది. ఆయన చెయ్యి ఎత్తగానే చుక్కి చెవులు వెనక్కి వేస్తోందా చూడండి. వేస్తుంటే ఆయన కొన్నాళ్ళు సైగలు నడుము కంటే పైకి పోకుండా, కింద కూర్చుని చేయాలి, ఆయన చేతుల్లోంచే ఎక్కువ ముక్కలు రావాలి.

సైగల్లో అందరూ ముందు "కూర్చో" నేర్పుతారు. నేనైతే అంతకన్నా ముందు రెండు నేర్పుతాను. మొదటిది "శభాష్" సైగ, బొటనవేలు పైకెత్తడం. వేలెత్తండి, సెకనులోపు ముక్క ఇవ్వండి, ఇంకేం అడగొద్దు. దానికి వేలంటే ముక్క అని తెలిశాక రెండోది, అదంతట అది మీ ముఖం వైపు చూసిన ప్రతిసారీ వేలెత్తి ముక్క ఇవ్వండి. ఆడుకుంటూ ఆగి చూసినా, గది దాటుతూ వెనక్కి తిరిగి చూసినా ఇవ్వండి. వినపడని కుక్కకి పిలుపు అనేదే లేదు, అది మీ వైపు చూడనప్పుడు మీరు ఎన్ని సైగలు చేసినా గోడకి చేసినట్టే. కాబట్టి మాటిమాటికీ మిమ్మల్ని చూసుకునే అలవాటే దానికి చెవుల బదులు. ఇది కుదిరితే మిగతావి తేలిక.

తర్వాత నాలుగు సైగలు చాలు. అరచెయ్యి పైకి తిప్పి ఎత్తితే కూర్చో, అరచెయ్యి కిందికి దించితే పడుకో, అరచెయ్యి ఎదురుగా చూపిస్తే ఆగు, చెయ్యి బారుగా చాపి గుండెకి ఆనిస్తే రా. అన్నీ ఒంటి చేత్తో చేసేవే ఉండాలి, రెండో చేతిలో గొలుసు ఉంటుంది, మావయ్యగారికి కర్ర ఉంటే ఉంటుంది. నేర్పడం ఇలా: ముందు సైగ, ఒక క్షణం ఆగి అదే దారిలో చేతిలో ముక్కతో ముక్కుని పైకి నడిపించండి, ముక్కు పైకెళ్తే నడుము కిందికి పోతుంది, కూర్చోగానే బొటనవేలు, ముక్క. కొన్నిసార్లు అయ్యాక చేతిలో ముక్క లేకుండా ఉత్త సైగే చేయండి, ముక్క తర్వాత జేబులోంచి రావాలి. లేకపోతే ముక్క కనిపిస్తేనే కూర్చునే కుక్క తయారవుతుంది. నోటితో మాట్లాడుతూనే సైగ చేయండి, వినపడకపోయినా మాట్లాడుతుంటే మీ ముఖంలో నవ్వు, కోపం సహజంగా వస్తాయి, అది ముఖాన్ని చదువుతుంది. ఇంట్లో నలుగురూ ఒకే సైగ వాడకపోతే మాత్రం ఇదంతా వృథా. బాబుతో బొమ్మలు గీయించి ఫ్రిజ్ మీద అంటించండి.

వీధి గేటు విషయంలో మాత్రం నేను బేరాలకి ఒప్పుకోను. వెనక నుంచి వచ్చే ఆటో హారన్ దానికి లేదు, వీధి కుక్క గుర్రుమనడం దానికి లేదు. ఎంత బాగా నేర్చుకున్నా రోడ్డు మీద గొలుసు తీయకూడదు. ఆటకి ఐదు మీటర్ల పొడవు తాడు, గోడలున్న స్థలం. మెడపట్టీ మీద "నాకు చెవులు వినపడవు" అని, కింద ఫోను నంబరు రాయించండి. ఒక గజ్జె కూడా కట్టండి, అది దానికి కాదు, మీకోసం, ఏ గదిలో ఉందో తెలుస్తుంది. రాత్రి పెరట్లోంచి పిలవాలంటే వరండా లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించడం, వచ్చినప్పుడు ముక్క పెట్టడం అలవాటు చేయొచ్చు. టార్చి వెలుగుని నేల మీద ఆడించడం, లేజర్ లైటు మాత్రం వద్దు, కొన్ని కుక్కలు ఆ వెలుగు చుక్క వెంట పడి, లైటు ఆపినా గోడలూ నీడలూ వెతుక్కుంటూ ఉండిపోతాయి, ఆ పిచ్చి వదిలించడం చాలా కష్టం. అదిరే మెడపట్టీలు అమ్ముతారు, రిమోట్ నొక్కితే ఫోనులా వణుకుతాయి. అవి పనికొస్తాయి గానీ ఇప్పుడే కాదు, పైన చెప్పిన చూపు అలవాటయ్యాక "అదిరితే నన్ను చూడు" అని ముక్కలతో నేర్పాలి. కొనేటప్పుడు కరెంటు షాకు బటను లేనిదే తీసుకోండి. బ్యాటరీ అయిపోతే పట్టీ ఉత్త పట్టీయే, దాన్ని నమ్ముకుని గేటు తెరవకండి.

ఇక ఇచ్చేయడమా, ఉంచుకోవడమా. అమ్మినతనికి ఇస్తే మీ ఇంటి సమస్య ఒక్క రోజులో తీరుతుంది, అది నిజమే. కానీ చెవిటి పిల్లని వెనక్కి తీసుకున్నవాడు దాన్ని ఏం చేస్తాడో అడగండి. చెవుడు చెప్పకుండా ఇంకో ఇంటికి అమ్మితే ఇదే కాటు అక్కడ జరుగుతుంది, పిల్లల కోసం పెంచితే చెవిటి పిల్లలు ఇంకొన్ని పుడతాయి. బదులుగా ఇచ్చే పిల్ల కూడా అదే తల్లిదండ్రులదైతే దానికీ ఒక చెవి పోయి ఉండొచ్చు, తెచ్చుకోవాలనే అనుకుంటే నిద్రలో పళ్ళెం పరీక్ష చేసే తీసుకోండి. మీరే వేరే ఇల్లు చూసి ఇవ్వాలనుకుంటే, చిన్నపిల్లలు, ముసలివాళ్ళు లేని ఇల్లు, గట్టి కాంపౌండు ఉన్న ఇల్లు చూడండి, చెవుడూ కాటూ రెండూ దాచకుండా చెప్పండి. అది కాస్త ఆలస్యమవుతుంది, ఈలోగా పైన చెప్పిన పనులు ఎలాగూ చేయాలి. ఉంచుకుంటే మొదటి రెండు నెలలు ఎవరో ఒకరు రోజుకి అరగంట, ముక్కలుగా అయినా, దీనికి ఇవ్వగలగాలి. ఆ ఒకరు ఎవరో ముందే తేల్చుకోండి, "అందరం చేస్తాం" అన్న ఇళ్ళల్లో ఎవరూ చేయరు. ఏ దారైనా సరే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి.

నా మొగ్గు అడిగితే, కాటు నిద్రలోనిదే అయితే నేను ఉంచుకుని చూసే వైపే ఉంటాను. కానీ పాదం మావయ్యగారిది, షుగర్ ఆయనది, కాబట్టి ఆయన్ని "దాని తప్పేముంది" అనే మొహమాటం పక్కన పెట్టి విడిగా అడగండి, గేటు పెట్టాక వరండాలో నిశ్చింతగా కూర్చోగలరా అని. ఆయన కాదంటే ఆ మాటకే విలువ ఇవ్వండి, బాబుకి నచ్చజెప్పడం మీ పని. ఔనంటే అమ్మినతన్ని నెలాఖరు కాకుండా ఇంకో నెల గడువు అడిగి, వాట్సాప్‌లో రాసి ఇమ్మనండి. ఆ గడువులో భుజం తట్టగానే తల తిప్పి ముక్క వెతుక్కుంటూ లేస్తుంటే మీరు సరైన దారిలోనే ఉన్నారు. నాలుగైదు వారాలు వరస తప్పకుండా చేసినా ఇంకా పళ్ళతోనే లేస్తుంటే, లేదా మెలకువలో ఎవరి మీదికైనా వెళ్తే, మీ ఇల్లు దానికి సరిపోదని ఒప్పుకుని, పిల్లలూ పెద్దవాళ్ళూ లేని ఇల్లు వెతకడం మొదలుపెట్టండి.